లిరిక్ కార్డ్ వస్తుంది, పాట ముక్క రాదు: స్టోరీల్లో కొన్ని పాటలకే ఎందుకిలా?

హరిణి_రాగాలు

నచ్చిన పాటలో రెండు వరుసలు స్టోరీలో పెట్టడం నాకు రోజూ ఉన్న అలవాటు. ఈమధ్య మూడు పాటలతో మూడు రకాలుగా జరిగింది. తేడా ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి పాటకి అన్నీ సవ్యంగా పనిచేశాయి. మ్యూజిక్ యాప్‌లో వరుసలు ఎంచుకుని షేర్ నొక్కితే రంగు కార్డ్ తయారైంది. ఇన్‌స్టాగ్రామ్ మ్యూజిక్ స్టిక్కర్‌లో వెతికినా అదే పాట ఆడియోతో దొరికింది. రెండో పాటకి కార్డ్ వచ్చింది కానీ స్టిక్కర్‌లో ఎంత వెతికినా పాట లేదు. మూడో పాట ఇంకా విచిత్రం. యాప్‌లో సాహిత్యం పాటతో పాటే చక్కగా కదులుతోంది, కానీ ఆ వరుసలు పంచుకునే గుర్తే కనపడట్లేదు.

ఒకే ఫోన్, ఒకే అకౌంట్, యాప్‌లన్నీ అప్‌డేట్ చేసే ఉన్నాయి. మ్యూజిక్ యాప్‌కి నెలనెలా డబ్బు కడుతున్నాను కూడా. డబ్బు కట్టి వింటున్న పాటని పంచుకోవడానికి అడ్డేమిటి?

వంశీ_వాల్యూమ్

హక్కుల గొడవండీ. లేబుల్ ఒప్పుకోకపోతే రాదు, అంతే. దానికి మీరు టెన్షన్ పడక్కర్లేదు. పాట మోగుతుండగా స్క్రీన్ రికార్డ్ చేసి 15 సెకన్లలోపు కత్తిరించి పెట్టేయండి. 15 సెకన్లలోపు అయితే కాపీరైట్ వర్తించదు, అందుకే స్టిక్కర్‌లో కూడా అంతే ఇస్తారు.

శబ్దపత్రం

పాటల హక్కుల అనుమతులు చూసే పనిలో చాలాకాలంగా ఉన్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఆ 15 సెకన్ల సంగతి. అది స్టోరీ స్టిక్కర్‌కి పెట్టుకున్న కొలత, చట్టంలో ఉన్న మినహాయింపు కాదు. ఇన్ని సెకన్ల లోపు వాడితే తప్పులేదని గీత గీసిన చట్టం ఏదీ నా పనిలో నాకు తగల్లేదు. కొన్ని దేశాల్లో న్యాయమైన వినియోగం అనే వెసులుబాటు ఉంది, అయితే అక్కడ కూడా ఎందుకు వాడారు, ఎంత వాడారు, యజమానికి నష్టం జరిగిందా అని ఏ కేసుకి ఆ కేసే చూస్తారు. స్టిక్కర్‌లో పాట మోగుతోందంటే ఆ వేదిక ముందే యజమానులతో ఒప్పందం చేసుకుంది కాబట్టి మోగుతోంది, చిన్న ముక్క కాబట్టి కాదు.

ఇక హరిణి గారి ప్రశ్న. మీకు షేర్ అనే ఒకే మాట కనిపిస్తోంది, దాని వెనక మాత్రం మూడు వేరువేరు పనులున్నాయి. ఒకటి, పాట లింకుని కవర్ బొమ్మతో పంపడం. ఇందులో పాట కదలదు, చిరునామా మాత్రమే వెళ్తుంది, అందుకే ఇది దాదాపు ప్రతి పాటకీ పనిచేస్తుంది. రెండోది లిరిక్ కార్డ్. ఇందులో వెళ్లేది సాహిత్యం. అంటే గాయకుడి గొంతుతో సంబంధం లేదు, ఆ మాటలు రాసినవారి తరఫున హక్కులు చూసే పబ్లిషర్ అనుమతి కావాలి. మూడోది పాట ముక్క. మీ ఫొటో మీద పాట మోగాలంటే రికార్డింగ్ యజమాని, అంటే సాధారణంగా లేబుల్, ఒప్పుకోవాలి. బాణీ, మాటల యజమానులు కూడా ఒప్పుకోవాలి. బొమ్మకి పాట జోడించడాన్ని మా పనిలో సింక్ అంటాం. వినడానికి ఇచ్చే అనుమతిలో అది ఉండదు.

మీరు నెలనెలా కట్టేది వినడానికి. ఆ మ్యూజిక్ యాప్‌కి ఉన్నదీ వినిపించే అనుమతే. స్టోరీలో మోగించే అనుమతి ఇన్‌స్టాగ్రామ్ యజమాని అయిన మెటా దగ్గర విడిగా ఉండాలి. రెండు సంస్థలు, రెండు ఒప్పందాలు. మీ రెండో పాట మొదటి దాంట్లో ఉంది, రెండో దాంట్లో లేదు.

మూడో పాటలో సమస్య సాహిత్యం వైపు ఉంది. యాప్ లోపల చూపించడానికి ఒప్పుకున్న పబ్లిషర్, ఆ వరుసల్ని కార్డ్‌గా బయటికి పంపడానికి ఒప్పుకోకపోవచ్చు. అవి రెండు వేరు అనుమతులు.

వంశీ_వాల్యూమ్

సరేనండీ, మరి నేను ఎన్నో స్టోరీలు అలాగే రికార్డ్ చేసి పెట్టాను, ఏదీ ఆగలేదు. దానికేమంటారు?

శబ్దపత్రం

మీరు రికార్డ్ చేసి పెట్టినా వేదిక ఆ ధ్వనిని తన దగ్గరున్న పాటల ముద్రలతో పోల్చి చూస్తుంది. అది గుర్తుపట్టిన పాటకి అప్పటికే ఒప్పందం ఉంటే వదిలేస్తుంది. మీరు పెట్టినవి అలాంటివై ఉంటాయి. ఒప్పందం లేని పాటైతే ధ్వని తీసేస్తుంది, లేదా కొన్ని దేశాల్లో మాత్రమే తీసేస్తుంది. మీ ఫోన్‌లో మోగుతుంది, ఇంకోచోట మీ స్నేహితుడికి మూగగా కనిపిస్తుంది. అది మీకు తెలిసే అవకాశం తక్కువ.

ఇంకో మాట కూడా చెప్పాలి. చిన్న ముక్కలు వాడమని మెటా తన మార్గదర్శకాల్లో నిజంగానే చెప్పింది. స్టోరీల్లో సంగీతం, కచేరీ చిత్రీకరణ మామూలుగా అనుమతిస్తామనీ అందులో ఉంది. కానీ అది సలహా, హామీ కాదు.

ప్రసన్న_బొటిక్

నాదీ ఇదే సమస్య. కాకపోతే నాకు ఒకటి రెండు పాటలు కాదు, తెలిసిన పాట ఒక్కటీ రావట్లేదు! స్టిక్కర్ తెరిస్తే ఎప్పుడూ వినని వాయిద్యాల ట్యూన్లే కనిపిస్తున్నాయి. పోయిన నెల దాకా అన్నీ వచ్చేవి. ఏ లేబుల్‌తో గొడవైందో చెప్పగలరా?

రేవతి_ఎం

ప్రసన్న గారూ, మీది వేరే సంగతి అనుకుంటా. మీ అకౌంట్‌ని ఈమధ్య వ్యాపార అకౌంట్‌గా మార్చారా? ఒప్పందాలు మామూలు వ్యక్తుల వాడకానికి చేసుకున్నవి. వ్యాపార అకౌంట్ పెట్టే స్టోరీని ప్రకటనలాగే లెక్కేస్తారు. అందుకే వాళ్లకి మెటా సౌండ్ కలెక్షన్‌లోని, రాయల్టీ అక్కర్లేని సంగీతమే చూపిస్తారు. మీకు కనిపిస్తున్న ట్యూన్లు అవే.

సెట్టింగ్స్‌లో అకౌంట్ రకం చూడండి. క్రియేటర్ అకౌంట్‌కి మారితే పాటలు తిరిగి కనిపిస్తాయి. కానీ మీరు నిజంగా సరుకు అమ్మే స్టోరీకి ఆ పాట పెడితే, కనిపించినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

ప్రసన్న_బొటిక్

అవునండీ, మార్చాను! కొత్త డ్రెస్సుల ఫొటోలకి పాట పెట్టుకోవాలని అడిగాను. అంటే నా దారి సౌండ్ కలెక్షనేనా?

రేవతి_ఎం

డ్రెస్సుల ఫొటోలకి అంతే. ఇంట్లో విషయాలకి వేరే వ్యక్తిగత అకౌంట్ పెట్టుకోండి.

చరణ్_సొంతపాట

నా బాధ వినండి. నేను రాసి, పాడి, విడుదల చేసుకున్న పాటే నా స్టోరీలో పెట్టుకోలేకపోతున్నాను. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపాను, స్ట్రీమింగ్ యాప్‌లన్నిటిలో ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌కి కూడా టిక్ పెట్టాను. నెల దాటింది, స్టిక్కర్‌లో లేదు. సపోర్ట్‌కి రాస్తే "ఈ విడుదలకు అర్హత లేదు" అని ఒక్క ముక్క. ఇక్కడ లేబులూ నేనే, పబ్లిషరూ నేనే. ఎవరి అనుమతి కావాలి?

శబ్దపత్రం

చరణ్, పాటకి బీట్ నువ్వే చేశావా, కొన్నావా?

చరణ్_సొంతపాట

ఆన్‌లైన్‌లో కొన్నానన్నా. లైసెన్స్ కాగితం కూడా ఉంది. కమర్షియల్‌గా వాడుకోవచ్చని అందులో స్పష్టంగా రాసుంది.

శబ్దపత్రం

ఆ కాగితంలో ఎక్స్‌క్లూజివ్ అని ఉందా, నాన్ ఎక్స్‌క్లూజివ్ అని ఉందా చూడు. తక్కువ ధరకి దొరికేవి చాలావరకు రెండో రకం. అంటే అదే బీట్‌ని ఇంకా ఎంతమందికైనా అమ్ముతారు.

ఇప్పుడు వేదిక వైపు నుంచి చూడు. నీ పాటని మెటాకి పంపడమంటే స్టిక్కర్‌లో పేరు చేర్చడంతో అయిపోదు. పాట ధ్వనిముద్ర కూడా వాళ్ల గుర్తింపు వ్యవస్థలోకి వెళ్తుంది. పాట మొదట్లో నీ గొంతు రాకముందు కొన్ని సెకన్లు బీట్ ఒక్కటే ఉందనుకో. అదే బీట్ కొన్న ఇంకో కుర్రాడు తన పాట వీడియో పెడితే, వ్యవస్థ దాన్ని నీ పాటగా గుర్తుపడుతుంది. అతనికి రావాల్సింది నీ ఖాతాలో పడొచ్చు, లేదా అతని వీడియో ఆగిపోవచ్చు. రేపు నీకూ అదే జరగొచ్చు. అందుకే నాన్ ఎక్స్‌క్లూజివ్ బీట్లు, అందరికీ దొరికే లూపులు, అనుమతి తీసుకోని శాంపిల్స్ ఉన్న పాటల్ని చాలామంది డిస్ట్రిబ్యూటర్లు ఈ దారిలో పంపరు. వినడానికి పంపిస్తారు, ఎందుకంటే అక్కడ పోల్చి పట్టుకునే పని లేదు.

నీకు రెండు దారులున్నాయి. అదే బీట్‌కి ఎక్స్‌క్లూజివ్ హక్కులు దొరుకుతాయేమో అమ్మినవాళ్లని అడుగు. కానీ అప్పటికే కొన్నవాళ్ల లైసెన్సులు రద్దు కావు, కాబట్టి చిక్కు పూర్తిగా పోదు. రెండోది, నీ బాణీకి, నీ గొంతుకి కొత్త వాద్యసహకారం చేయించి వేరే రికార్డింగ్‌గా విడుదల చెయ్యి. దానికి కొత్త ఐఎస్‌ఆర్‌సీ, అంటే ఆ రికార్డింగ్‌ని గుర్తించే కోడ్, తీసుకోవాలి. పాతదాని కోడే పెడితే మళ్లీ గందరగోళం.

చరణ్_సొంతపాట

చూశాను, నాన్ ఎక్స్‌క్లూజివే. మొదటి 11 సెకన్లు బీట్ ఒక్కటే ఉంది. మా వాడొకడు గిటార్ బాగా వాయిస్తాడు, వాడితో కూర్చుంటాను. థాంక్స్ అన్నా.

దీపక్_డెవ్

నేను యాప్‌లు రాస్తాను కాబట్టి సాంకేతికం వైపు ఒక సంగతి కలుపుతాను. వేరే యాప్ నుంచి ఇన్‌స్టాగ్రామ్ స్టోరీకి పంపడానికి ఐఫోన్‌లో వాడేది ఇలాంటి చిరునామా:

```
instagram-stories://share?source_application=YOUR_APP_ID
```

దీని ద్వారా వెనక నేపథ్యంగా ఒక బొమ్మో వీడియోనో, పైన స్టిక్కర్‌గా ఒక బొమ్మో పంపుతాం. ఇన్‌స్టాగ్రామ్ పాటల జాబితాలో ఫలానా పాటని ఫలానా సెకను నుంచి మోగించు అని చెప్పే వీలు మామూలు డెవలపర్‌కి ఇందులో లేదు. అందుకే చాలా యాప్‌ల లిరిక్ కార్డ్ మూగగా ఉంటుంది. అది ఒక బొమ్మ, అంతే. మోగే కార్డ్ కావాలంటే ఆ రెండు సంస్థలు విడిగా మాట్లాడుకుని కట్టుకోవాలి.

యాపిల్ మ్యూజిక్ కార్డ్ స్టోరీలో మోగుతుంది. అక్కడ సాహిత్యంలో వరుసని నొక్కి పట్టుకుంటే పంచుకోవచ్చు, 150 అక్షరాల వరకు. మోగే కార్డ్‌కి ఒక షరతు తప్పదు. ఆ వరుస పాటలో ఏ సెకనులో మొదలవుతుందో యాప్‌కి తెలియాలి. సాహిత్యం ఒకే పేజీలా కదలకుండా పడి ఉన్న పాటలకి ఆ సమాచారం లేదు. హరిణి గారి మూడో పాటలో వరుసలు కదులుతున్నాయంటున్నారు, కాబట్టి అక్కడ ఇది కారణం కాదు.

హరిణి_రాగాలు

చాలా తెలిసింది, అందరికీ ధన్యవాదాలు. శబ్దపత్రం గారూ, రెండో పాటలో ఎవరి అనుమతి లేదో బయటినుంచి తెలుసుకునే మార్గం ఉందా?

శబ్దపత్రం

పూర్తిగా తెలియదు, సగం దాకా పట్టుకోవచ్చు. ఆల్బమ్ పేజీ చివరికి వెళ్లండి. అక్కడ గుండ్రంలో పి, గుండ్రంలో సి అని రెండు వరుసలుంటాయి. పి ఉన్న వరుస రికార్డింగ్ యజమానిది. సి ఉన్నది చాలామంది సాహిత్యం యజమాని అనుకుంటారు, ఆల్బమ్ పేజీలో అది సాధారణంగా కవర్ బొమ్మ వగైరా గురించి. మాటల యజమాని అక్కడ కనపడరు. తర్వాత పాట పక్కనున్న మెనూలో క్రెడిట్స్ తెరిచి, రచయితలుగా ఎంతమంది ఉన్నారో చూడండి. సాహిత్యం తెర అడుగున ఆ సాహిత్యం ఎవరి ద్వారా వచ్చిందో కూడా రాసి ఉంటుంది.

అదే లేబుల్‌వి, అదే ఆల్బమ్‌లోవి మిగతా పాటలు స్టిక్కర్‌లో దొరుకుతున్నాయా? దొరికితే రికార్డింగ్ వైపు అడ్డు లేనట్టే, ఈ పాట రచయితల్లో ఎవరి వైపో ఆగింది. ఒక్కటీ దొరక్కపోతే లేబుల్ ఒప్పందమే లేదు.

హరిణి_రాగాలు

చూశాను. ఆల్బమ్‌లో ఆరు పాటలు. అయిదు స్టిక్కర్‌లో ఉన్నాయి. ఇదొక్కటే లేదు. మిగతావాటికి రచయిత ఒకరే, దీనికి మాత్రం ముగ్గురున్నారు.

శబ్దపత్రం

అయితే ఆ అదనంగా ఉన్న ఇద్దరిలో ఒకరి వైపు ఆగిందని నా అంచనా. పాటలో చిన్న వాటా ఉన్నా సరే, ఆ వాటాకి అనుమతి లేకపోతే పాట మొత్తం ఆగుతుంది. ఎందుకంటే పాటలోంచి అతని వాటా మాటల్ని విడదీసి మిగతాది మోగించలేం.

ఇది పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో 2024లో చూశాం. యూనివర్సల్ మ్యూజిక్‌కీ టిక్‌టాక్‌కీ ఒప్పందం జనవరి చివర్లో ముగిసిపోయింది. ఫిబ్రవరి మొదట్లో ఆ లేబుల్ రికార్డింగులు పోయాయి, పాత వీడియోలు మూగబోయాయి. ఆ తర్వాత నెలాఖరుకి రెండో దెబ్బ పడింది. యూనివర్సల్ పబ్లిషింగ్‌లో ఉన్న రచయితలకి వాటా ఉన్న పాటలు కూడా తీయాల్సి వచ్చింది. వేరే లేబుల్ గాయకులు పాడినవీ అందులో ఉన్నాయి. వాళ్ల లేబుల్‌కి టిక్‌టాక్‌తో ఏ గొడవా లేదు, అయినా సహరచయిత వల్ల పాట మాయమైంది. మే మొదట్లో కొత్త ఒప్పందం కుదిరాకే తిరిగి వచ్చాయి.

మీరు ఇంకొకటి ప్రయత్నించండి. అదే పాట ఇంకేదైనా సంకలనంలో ఉందేమో చూసి, ఆ పేరుతో వెతకండి. ఒక్కోసారి ఒకే పాట రెండు విడుదలల్లో ఉండి, ఒకటి మాత్రమే లైబ్రరీకి చేరుతుంది. కానీ రచయిత వైపు అడ్డయితే సంకలనంలోనూ దొరక్కూడదు.

మాధవ్_దూరం

దేశాన్ని బట్టి కూడా ఉంటుందిగా? మా చెల్లి వేరే దేశంలో ఉంటుంది. నేను పెట్టిన స్టోరీ చాలాసార్లు తనకి ధ్వని లేకుండా కనిపిస్తోంది. తను పెట్టేవి నాకు బాగానే వినిపిస్తాయి.

శబ్దపత్రం

ఉంటుంది. రచయితల హక్కుల్ని చాలాచోట్ల ఆ దేశంలోని సంఘమే చూస్తుంది. 2023 మార్చిలో ఇటలీలో అదే జరిగింది. అక్కడి రచయితల సంఘం ఎస్‌ఐఏఈతో మెటా చర్చలు చెడిపోయి, ఆ సంఘం సభ్యుల పాటలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లోంచి తీసేశారు. లేబుళ్లు ఒప్పుకున్న పాటలూ అందులో పోయాయి. మీరు స్టోరీ పెట్టేటప్పుడు మీ దేశపు అనుమతి చూస్తారు, మీ చెల్లి తెరిచినప్పుడు అక్కడి అనుమతి చూస్తారు.

సుభద్ర_టీచర్

నాదొక చిన్న ప్రశ్న. షేర్ గుర్తు లేని పాటకి సాహిత్యం తెర ఫొటో తీసి పెడితే? లేదా ఆ రెండు వరుసలు నేనే కాగితం మీద అందంగా రాసి ఫొటో పెడితే? నాకు చేతిరాతతో పెట్టడమే ఇష్టం కూడా.

రేవతి_ఎం

రెండు వరుసలు ఇష్టంతో రాసుకుంటే ఎవరికి నష్టమండీ? పుస్తకంలో మాట ఉటంకించినట్టే. నేనైతే సంకోచం లేకుండా పెడతాను, కవి పేరు రాసి.

శబ్దపత్రం

నేను అంత తేలిగ్గా చెప్పలేను. పాట మొత్తమే పది పన్నెండు వరుసలుంటే అందులో రెండు వరుసలు చిన్న భాగం కాదు. పల్లవి అయితే పాటకి ప్రాణమే అది. అందుకే కార్డుల్లో కూడా హద్దు ఉంటుంది, స్పాటిఫైలో అయిదు వరుసలకి మించి ఎంచుకోనివ్వరు. పేరు రాయడం మర్యాద, అనుమతికి బదులు కాదు.

అయితే చేతిరాత కార్డుని పట్టుకునే యంత్రాంగం లేదు, దాని మీద రచయితలు ఫిర్యాదు చేసిన సందర్భమూ నా పనిలో చూడలేదు. స్నేహితులకి పెట్టుకునే స్టోరీ వేరు, వాటినే అచ్చువేసి అమ్మడం వేరు. రెండోది చెయ్యకండి.

రేవతి_ఎం

అమ్మడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. స్టోరీ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదు. రాసిన కవి చూస్తే సంతోషిస్తారనే అనుకుంటాను.

వంశీ_వాల్యూమ్

పాత పాటలకైతే ఈ బాధ ఉండదుగా సుభద్ర గారూ. కాపీరైట్ అయిపోయి ఉంటుంది.

శబ్దపత్రం

ఎంత పాతవనేది చూడాలి. మాటల హక్కు చాలా దేశాల్లో రచయిత పోయిన తర్వాత 70 ఏళ్లు ఉంటుంది, కొన్నిచోట్ల 60. పాట వచ్చి 70 ఏళ్లయిందని లెక్క కాదు. పైగా గడువు తీరిన పద్యాన్ని ఇవాళ ఎవరైనా కొత్తగా పాడి రికార్డ్ చేస్తే, మాటలు చేతిరాతతో పెట్టుకోవచ్చు గానీ ఆ రికార్డింగ్ ముక్కకి మాత్రం వాళ్ల అనుమతి కావాలి.

సుభద్ర_టీచర్

అయితే పద్యాలతో మొదలుపెడతాను. నా దగ్గర శతకాలు బోలెడున్నాయి.

హరిణి_రాగాలు

ఒక అప్‌డేట్. రెండో పాట ఒక సంకలనంలో దొరికింది! ఆ పేరుతో వెతికితే స్టిక్కర్‌లో వచ్చింది, స్టోరీ పెట్టాను. శబ్దపత్రం గారూ, మీ లెక్క ప్రకారం రచయిత వైపు అడ్డయితే ఇది రాకూడదు కదా?

శబ్దపత్రం

రాకూడదు. సంకలనం విడుదలలో రచయితల వివరాలు సరిగా నమోదై ఉండవు, అందుకని అనుమతి లేని ఆ రచయిత వ్యవస్థకి కనపడి ఉండడు. లేదా నా అంచనాయే తప్పై, అసలు ఆల్బమ్ విడుదలని పంపేటప్పుడు ఈ ఒక్క పాట జారిపోయి ఉండాలి. బయటినుంచి తేల్చలేం. మొదటిదే అయితే ఎప్పుడో సరిచేసినప్పుడు మీ స్టోరీ మూగబోవచ్చు. హైలైట్స్‌లో దాచుకునేట్టయితే లింకు కార్డ్ కూడా ఒకటి పక్కన పెట్టుకోండి, అది పోదు.

హరిణి_రాగాలు

పెట్టాను. మూడో పాటకి పంచుకునే గుర్తు ఇంకా రాలేదు, అడుగున సాహిత్యం ఇచ్చినవాళ్ల పేరుంది. వాళ్లకి రాసి చూస్తాను, జవాబు వస్తే ఇక్కడే పెడతాను.